ఇరుసుకు నేను రాసిచ్చిన అంకె

ప్రొద్దుటూరులో నేను ఉద్యోగం వెలగబెట్టిన కాలేజీలో పదార్థాల బలాన్ని పరీక్షించే ల్యాబు ఒకటుండేది. దానికి నేనే ఇన్‌ఛార్జిని. ఆ గదిలో ఉక్కు కడ్డీలు, ఇత్తడి కడ్డీలు, కాంక్రీటు దిమ్మెలు, టేకు చెక్కలు ఉండేవి. వాటన్నిటికీ ఎంత బరువు వేస్తే విరుగుతాయో రాసిన పట్టిక గోడకు వేలాడేది. నా పేరు ఆ పట్టికలో లేదు గానీ, ఉంటే అన్నిటికన్నా కింద ఉండేది.

నేను చెప్పే పాఠం పెద్ద కష్టమైనదేమీ కాదు. కడ్డీని లాగితే సాగుతుంది. ఎంత మొరాయించి సాగుతుందో చెప్పే అంకె స్థితిస్థాపక గుణకం. అదే కడ్డీని మెలితిప్పితే తిరుగుతుంది. ఎంత మొరాయించి తిరుగుతుందో చెప్పేది దృఢతా గుణకం. లాగినప్పుడు కడ్డీ పొడుగు సాగడమే కాదు, పక్కల సన్నబడుతుంది కూడా. సాగినదాంట్లో ఎన్నో వంతు సన్నబడిందో చెప్పేది పార్శ్వ సంకోచ నిష్పత్తి. సంకోచమనే మాట పలికేటప్పుడు పిల్లలు నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళేముందు తలుపు దగ్గర నేను ఎంతసేపు నిలబడతానో వాళ్ళకు తెలుసు.

ఈ మూడంకెలూ ఎవరికి వారు కాదు. ఏ దిక్కునుంచి చూసినా ఒకేలా ఉండే పదార్థమైతే, మంచి ఉక్కులాగా, మూడింట్లో రెండు తెలిస్తే మూడోది తెలిసిపోతుంది. నిష్పత్తికి ఒకటి కలిపి, దృఢతా గుణకంతో హెచ్చించి, రెండింతలు చేస్తే స్థితిస్థాపక గుణకం వస్తుంది. ఎందుకంటే మెలిపెట్టడమంటే వేరే పని కాదు. ఒక ఐమూలగా లాగడం, దానికి అడ్డంగా ఉన్న ఐమూలగా నొక్కడం, రెండూ ఒకేసారి. లాగుడూ మెలీ ఒకే ఇంటి మనుషులు. టేకు చెక్కకు ఈ చుట్టరికం లేదు. దానికి నార ఉంది. నార వెంబడి ఒక గుణం, అడ్డంగా ఇంకో గుణం.

బోర్డు మీద ఇంత అందంగా చెప్పే నేను, ల్యాబులో ఒక పాడు అలవాటును పెంచి పోషించాను. మా మెలితిప్పే యంత్రం ముసలిది. కడ్డీకే తగిలించి కోణం చదవాల్సిన ముళ్ళు ఎప్పుడో పోయాయి. దవడల పక్కనున్న చక్రం మీదే చదివేవాళ్ళం. దవడలు కాస్త జారితే కడ్డీ ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తుంది, అంకె తక్కువ వస్తుంది. రికార్డులో అంకె తేడాగా ఉంటే బయటినుంచి వచ్చే పరీక్షాధికారి మార్కులు కోస్తాడు. అందుకని లాగుడు అంకె నిజంగా కొలిచి, ఉక్కుకు పుస్తకంలో ఉండే సున్నా పాయింట్ ఇరవై ఎనిమిదిని నిష్పత్తిగా వేసుకుని, మెలి అంకెను లెక్కగట్టి రాసేవాళ్ళం. నాకు ముందున్నాయన నాకు నేర్పాడు, నేను పిల్లలకు నేర్పాను. మా ల్యాబులో ఇన్నేళ్ళుగా ఏ కడ్డీకీ ఏ లోపమూ రాలేదు. రానిస్తేగా.

అవి జీపులు గుంపుగా తిరిగే రోజులు. రెండు జీపులు వెంట వెంట పోతే టీ అంగడి మనిషి గాజు గ్లాసులు లోపల పెట్టేవాడు. మూడు పోతే అంగడే మూసేవాడు. మా కాలేజీలో కూడా ఎవరు ఏ పార్టీనో కుర్చీలు వేసుకునే దిక్కును బట్టి తెలిసేది. నేను తలుపు దగ్గర కూర్చునేవాణ్ణి.

ఎన్నికలు ఇంకో నెల ఉన్నాయనగా ఒక ఉదయం ల్యాబు ముందు జీపు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు భుజం మీద తెల్ల తుండుగుడ్డ వేసుకున్నవాడు. రెండోవాడు ఖాకీ నిక్కరు వేసుకున్న నడివయసు మనిషి, చేతిలో గోనెపట్టాలో చుట్టిన రెండు కడ్డీలు. తుండుగుడ్డ మనిషి ఒక కాంట్రాక్టరు పేరు చెప్పి, ఇంక చెప్పాల్సిందేమీ లేదన్నట్టు బల్ల మీద కూర్చున్నాడు. నిజమే, ఇంక చెప్పాల్సిందేమీ లేదు. ఆ పేరు జిల్లాలో అందరికీ తెలుసు. ఆయన పార్టీ ఏదో, ఆయన వెనక ఎవరో కూడా తెలుసు.

ఖాకీ మనిషి సంగతి చెప్పాడు. పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దిక్కున ఆ కాంట్రాక్టరుకు ముగ్గురాయి గని ఉంది. నిలువుగా దిగే బావి. వించి మీద తాడు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఒక ఇనప తొట్టిని దించుతుంది, ఎత్తుతుంది. రాయీ అందులోనే, మనుషులూ అందులోనే. పూటకు పదకొండు మంది దిగుతారు. వించి నడిపేది తానే. దిగేవాళ్ళలో తన తమ్ముళ్ళిద్దరున్నారు. వించి పాత ఇరుసు వంగిపోయి మూడు వారాలుగా గని నిలిచిపోయింది. కొత్త ఇరుసు జమ్మలమడుగు లేత్ షాపులో తయారైంది. పరీక్షా పత్రం లేకుండా దాని మీద మనుషుల్ని దించొద్దని తనిఖీకి వచ్చిన అధికారి రాసి పోయాడు. లాగిందీ మెలితిప్పిందీ రెండూ కావాలన్నాడట. అందుకని ఇరుసు చివర కోసిన ముక్కను నిలువునా చీల్చి, చెరో సగం నుంచి ఒక్కో నమూనా లేత్ పట్టించి తెచ్చారు.

తుండుగుడ్డ మనిషి సాయంత్రానికి పత్రం కావాలన్నాడు. ఎన్నికల లోపల గని నడవాలని, పనిలేని మనుషులు చెడు మాటలు వింటారని అన్నాడు.

మొదటి నమూనాను లాగాను. సుఖంగా సాగింది. చదరపు మిల్లీమీటరుకు రెండు లక్షల నాలుగు వేల న్యూటన్లు. మచ్చలేని ఉక్కు. తరవాత విరిగేదాకా లాగితే ముఖం చక్కగా గిన్నె ఆకారంలో విరిగింది. తుండుగుడ్డ మనిషి ఆ చప్పుడుకు నడుము దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడేముందో నేను చూడలేదు. చూడకపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

రెండో నమూనాను మెలి యంత్రంలో బిగించాను. చక్రం తిప్పడానికి మా అటెండరు సెలవు. ఖాకీ మనిషి తానే తిప్పుతానన్నాడు. మెల్లగా తిప్పుతూ, తల వంచి, ఏదో వింటున్నట్టు మొహం పెట్టాడు.

"సారూ, ఇది శానా మెత్తగా తిరుగుతాంది" అన్నాడు.

యంత్రం ముసలిదని, దవడలు జారుతున్నాయని చెప్పాను. ఆయన చక్రం వదిలి తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు, జారితే చేతికి వేరేగా తెలుస్తుంది అన్నాడు. అంతకు మించి వాదించలేదు. ల్యాబు నాది, చదువు నాది.

రీడింగు లెక్కవేస్తే అరవై వేలు వచ్చింది. రావాల్సింది ఎనభై వేల దగ్గర. నేను చెయ్యాల్సింది ఒకటే, చేసింది ఇంకొకటి. ఇన్నేళ్ళుగా చెయ్యి అలవాటుపడిన పనే చేసింది. రెండు లక్షల నాలుగు వేలను ఒకటి పాయింట్ ఇరవై ఎనిమిది రెట్టింపుతో భాగించి, డెబ్భై తొమ్మిది వేల ఏడు వందలు అని రాసింది. నిష్పత్తి గడిలో సున్నా పాయింట్ ఇరవై ఎనిమిది అని రాసింది. కింద సంతకం పెట్టింది. చెయ్యి అంటున్నాను గానీ అది నా చెయ్యే.

ఖాకీ మనిషి పత్రాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు. "ఇది గట్టిదేనా సారూ?" అని అడిగాడు. గట్టిదే అన్నాను. తుండుగుడ్డ మనిషి పత్రం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. విరిగిన ముక్కలు తీసుకెళ్ళారు. మెలి నమూనా మాత్రం యంత్రం దవడల్లోనే మరిచిపోయారు.

మరుసటి రోజు మొదటి గంటలో ఆ పాఠమే ఉంది. బోర్డు మీద సూత్రం రాసి, ఇది ఏ దిక్కునుంచి చూసినా ఒకేలా ఉండే పదార్థానికి మాత్రమే అని ఎప్పటిలాగే గీత కింద గీత గీశాను. ఆ గీత దగ్గర చాక్‌పీసు ఆగిపోయింది. పదార్థం అలా ఉందో లేదో నాకెట్లా తెలుసు? ఆ సంగతి చెప్పాల్సిన అంకెను నేను కొలవనే లేదు. కాదు, కొలిచి మరీ కొట్టేశాను. పిల్లలకు ముందే సెలవిచ్చి ల్యాబుకు వెళ్ళాను.

తరగతికి చూపించే మంచి ఉక్కు కడ్డీని యంత్రంలో పెట్టి మెలితిప్పాను. డెబ్భై తొమ్మిది వేలు. ఇంకోసారి తిప్పాను. అంతే. ముసలి యంత్రం జారలేదు. జారుతుందని మేమే ఇన్నేళ్ళు దాని మీద నింద వేశాం. గని నమూనాను పెట్టాను. అరవై వేలు. కొసలు మార్చి పెట్టాను. అరవై వేలు.

అప్పుడు నిజమైన రెండంకెలను సూత్రంలో వేసి నిష్పత్తిని లెక్కగట్టాను. సున్నా పాయింట్ డెబ్భై వచ్చింది. లెక్క మళ్ళీ చేశాను, అదే వచ్చింది. ఏ దిక్కునుంచి చూసినా ఒకేలా ఉండే పదార్థానికి ఈ నిష్పత్తి సగం దాటదు. దాటితే ఆ పదార్థాన్ని అన్ని పక్కలనుంచీ నొక్కినప్పుడు కుంచించుకుపోవడానికి బదులు ఉబ్బాలి. అటువంటి ఉక్కు లోకంలో లేదు. అంటే ఆ అంకె ఉక్కు గురించి చెప్పడం లేదు. ఈ కడ్డీ ఒక్క కడ్డీ కాదు, లోపల చీలిక ఉంది అని చెబుతోంది.

ఎలాంటి చీలికో కూడా తెలిసింది. అడ్డంగా ఉంటే నేను లాగిన సగం అంత సుఖంగా సాగకుండా ముందే తెగాలి. ఇది నిలువు చీలిక, టేకు నారలాగా కడ్డీ పొడుగునా. దుడ్డుకర్రను నిలువునా సగం చీల్చి రెండు కొసలూ పట్టి లాగితే ఏమీ తెలియదు. మెలితిప్పితే సగాలు ఒకదాని మీద ఒకటి జారతాయి, కర్ర మెత్తబడుతుంది. ఉక్కు దిమ్మె పోసేటప్పుడు నడిమధ్య గుల్ల మిగిలితే, దాన్ని కడ్డీగా సాగదీసినకొద్దీ ఆ గుల్ల కూడా పలచని చీలికై సాగుతుంది. పైకి ఏమీ కనిపించదు. లేత్ కత్తి దాని అంచుల మీద లోహాన్ని పూసేస్తుంది కూడా. వించి ఇరుసు చేసే పని లాగించుకోవడం కాదు. పొద్దస్తమానం మెలిపడటమే.

నమూనాను సంచిలో వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. నేరుగా గనికి వెళ్ళకుండా లేత్ షాపుకు వెళ్ళడానికి కారణం, నా అంకె తప్పు అని ఆ షాపు యజమాని అంటాడేమోనన్న ఆశ. ఆయన ముసలి సాయిబు. చెవి మీద పెన్సిలు, కళ్ళజోడుకు దారం. నేను వచ్చిన పని చెప్పగానే లేత్ ఆపేసి బయటకు వచ్చి రోడ్డు రెండు వైపులా చూశాడు. తరవాత తలుపు దగ్గరకు వేశాడు.

మూలనుంచి అరచేతి మందం ముక్క ఒకటి తెచ్చాడు. ఆ ఇరుసు రెండో చివరన కోసేసినది. కోసిన ముఖాన్ని తుడిచి, కిరసనాయిలులో కాసేపు ఉంచి, మళ్ళీ పొడిగా తుడిచి, దాని మీద సుద్ద పూశాడు. ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని చూస్తున్నాం. తెల్లటి సుద్ద మధ్యలో ఒక తడి చుక్క వచ్చింది. అది గీతయింది. గీత మెల్లగా ఒక పక్కకు పాకుతూ పోయి, అంచుకు వేలెడు దూరంలో ఆగింది. చీలికలో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరి బయటపడటం అది. ఎవరూ గీయకుండా గీత పడుతుంటే చూడటం నాకు అదే మొదటిసారి.

తాడు చుట్టుకునే డ్రమ్మును ఇరుసుకు బిగించే తాళం గాడి ఎక్కడ తీశావని అడిగాను. ఆయన గీత ఆగిన అంచు మీద వేలు పెట్టాడు.

గాడి తీసేటప్పుడే ఆయనకు అనుమానం వచ్చిందట. చెప్పడానికి పోతే తుండుగుడ్డ మనిషి, నువ్వు లేత్ పట్టేవాడివా ఉపన్యాసం ఇచ్చేవాడివా అన్నాడట. ఆ ముక్క నాకు ఇమ్మని అడిగాను. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి మళ్ళీ మూలన పెట్టాడు.

"ముక్క ఈడ్నే ఉంటాది సారూ. నువ్వు చూసింది నువ్వు చూసినావు. నేను సూపీలేదు. నాకు ఇద్దరు కొడుకులు ఈ బజార్లోనే అంగళ్ళు పెట్టుకోని బతుకుతాండారు."

నేను తల ఊపాను. పత్రం పైన సంతకం నాది, ఆయనది కాదు. ఎప్పుడు బిగిస్తారని అడిగితే, పొద్దున్నే ట్రాక్టరులో తీసుకుపోయారని, మధ్యాహ్నం రెండో పూటకు మనుషుల్ని దించుతారని చెప్పాడు.

ముద్దనూరులో బస్సు మారి పులివెందులలో దిగాను. బస్టాండులో కూర్చుని, నేనిచ్చిన పత్రం రద్దు చేస్తున్నానని, కొలిచిన అంకెలు ఇవీ అని, ఈ ఇరుసు మీద మనుషుల్ని దించరాదని కాగితం రాశాను. సింహాద్రిపురం దిక్కుకు పోయే ట్రాక్టరొకటి ఎక్కించుకుంది. గని పేరు చెప్పగానే డ్రైవరు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

గని దగ్గర ఇరుసు అప్పటికే బిగించి ఉంది. గ్రీజు పూసి నిగనిగలాడుతోంది. రాళ్ళు నింపిన తొట్టిని రెండుసార్లు దించి ఎత్తారట, బాగానే నడిచిందట. చీలిక సంగతి అంతే. ఒక రోజు నడుస్తుంది, పది రోజులు నడుస్తుంది. పదకొండు మంది బావి చుట్టూ సద్దిగిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖాకీ మనిషి వించి దగ్గర ఉన్నాడు. నన్ను చూసి నిటారుగా అయ్యాడు. కాంట్రాక్టరు వేపచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు. చుట్టూ నలుగురు. తుండుగుడ్డ మనిషి వెనక నిలబడ్డాడు.

కాగితం ఇచ్చాను. కాంట్రాక్టరు చదివాడు. నిదానంగా, మర్యాదగా, రెండుసార్లు చదివాడు. ఆ మనిషి గొంతు పెంచడని అందరూ అనేవారు. నిజమే.

"నిన్న గట్టిదని రాసిస్తిరి. ఈ పొద్దు పుచ్చుదని రాసుకోని వస్తిరి. నడుమ మిమ్మల్ని వచ్చి కలిసిండేది ఎవురు సారూ?"

ఎవరూ కలవలేదని, అంకె కలవలేదని చెప్పాను. నాకు భయమేస్తే నోట్లోంచి ఇలాంటి మాటలే వస్తాయి. ఎవరూ నవ్వలేదు. సున్నా పాయింట్ డెబ్భై సంగతి వివరించడానికి చూశాను. నిష్పత్తి సగం ఎందుకు దాటకూడదో, మెలి అంటే ఏమిటో, దుడ్డుకర్ర పోలికతో సహా చెప్పాను. అంకె నిజమేనని ఎట్లా నమ్మాలని ఆయన అడిగాడు. సుద్ద మీద పాకిన గీత కళ్ళ ముందే ఉంది. దాని పేరెత్తితే లేత్ షాపు ముందు జీపు ఆగుతుంది. లెక్క తప్ప నా దగ్గర ఏమీ లేదన్నాను.

ఎలక్షన్ల ముందర గని నిలిపితే ఎవరికి లాభమో ఆయన అడగకుండానే చుట్టూ ఉన్న నలుగురూ నా మొహం మీద చదువుతున్నారు. నేను కొలిచిన దృఢతా గుణకం అప్పటికి అవతలి పార్టీలో చేరిపోయింది.

కాంట్రాక్టరు జేబులోంచి నా మొదటి పత్రం తీసి, రెండు కాగితాలనూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"రెండిట్లోనూ మీ సంతకమే ఉండాది. నాకు మీయంత చదువు రాదు, యాది నిజమో మీరే చెప్పల్ల. తొట్లో ముందు మీరు కూచోండి సారూ. కిందికి పోయి పైకొస్తే ఈ రెండో కాయితం చించేద్దాం."

తుండుగుడ్డ మనిషి నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు, పెళ్ళిపందిట్లో పెద్దమనిషిని తీసుకెళ్ళినట్టు. బావి అంచు దాకా నడిచాను. తొట్టి అంచు మీద చెయ్యి వేశాను. అది చిన్నగా ఊగింది. కింద ఎక్కడో నీళ్ళ మెరుపు కనిపించి పోయింది. ఒక్కణ్ణి దించితే ఇరుసుకు ఏమీ కాదని నాకు తెలుసు. నా బరువు రాళ్ళ తొట్టిలో పదో వంతు కూడా ఉండదు. రాళ్ళను మోసిన ఇరుసు నన్ను మోస్తుంది. ఆ లెక్క కూడా నాకు చక్కగా వచ్చు. కూర్చుని దిగి పైకొస్తే నా ప్రాణానికి ఢోకా లేదు, కాగితం చిరిగిపోతుంది, తరవాత పదకొండు మందీ దిగుతారు.

ఇంత ఆలోచించి ధైర్యంగా నిరాకరించానని రాసుకోవాలని ఉంది. కానీ నిజం అది కాదు. ఆ లెక్కలన్నీ తరవాత చేసుకున్నవి. అప్పుడు నాకు అనిపించింది ఒకటే. కాళ్ళు కదలలేదు.

"నేను కూచోను" అన్నాను. గొంతు చాలా చిన్నగా వచ్చింది. అయినా అందరికీ వినిపించింది.

ఖాకీ మనిషి వించి బ్రేకు బిగించి, దాని చువ్వ బయటకు లాగి కింద పెట్టాడు. "అయ్యా, రాసినాయనే కూచోనంటాండాడు. నా తమ్ముళ్ళను నా చేత్తో దించలేను" అన్నాడు. కాంట్రాక్టరును చూస్తూ అనలేదు, ఇరుసును చూస్తూ అన్నాడు. పదకొండు మందిలో ముందు ఇద్దరు వెనక్కి జరిగారు. తరవాత మిగతావాళ్ళు. కొంచెం దూరం పోయి నీడలో కూర్చుని సద్దిగిన్నెలు విప్పారు. నా సూత్రాలన్నీ కలిసి చేయలేని పని నా పిరికితనం చేసింది.

కాంట్రాక్టరుకు కోపం వచ్చినట్టు కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులోనే దోపాడు. బస్సుకు శానా దూరం, మా జీపు దింపుతాది పోండి అన్నాడు.

ముందు సీట్లో నేను, వెనక తుండుగుడ్డ మనిషి. పులివెందుల దాటాం, ముద్దనూరు దిక్కుకు తిరిగాం. మధ్యలో ఊరేమీ లేని చోట జీపు ఆగింది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తి రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు. ఎంతసేపు పోశాడో. వెనకనుంచి తుండుగుడ్డ మనిషి, సారుకు పిల్లోళ్ళెందరని అడిగాడు. ఇద్దరన్నాను. ఏ బడి అని అడిగాడు. చెప్పాను. తెలిసినట్టే తల ఊపాడు. జీపు మళ్ళీ కదిలింది. ప్రొద్దుటూరులో ఇంటి ముందే దింపారు. ఇల్లెక్కడో నేను చెప్పలేదు.

ఆ తరవాత ఎన్నికలు అయిపోయేదాకా బడి వదిలే వేళకు ఆ జీపు బడి ఎదుట చెట్టు కింద ఆగేది. ఎవరూ దిగేవారు కాదు. ఎవరినీ ఏమీ అనేవారు కాదు. నేను సైకిలు మీద వెళ్ళి పిల్లల్ని తెచ్చుకునేవాణ్ణి. ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి ఆ జీపు కనిపించలేదు. ఎందుకు ఆగిందో తెలియనట్టే, ఎందుకు పోయిందో కూడా తెలియదు.

ల్యాబులో పాత అలవాటు మానిపించాను. చేయి తిరగని పిల్లల రికార్డుల్లో వంకర టింకర అంకెలు వచ్చేవి. పరీక్షాధికారి మార్కులు కోసి, మీ ల్యాబు ఈ మధ్య చెడిపోయింది అని బాధపడ్డాడు. గనుల తనిఖీ అధికారికి రిజిస్టరు పోస్టులో మూడుసార్లు రాశాను. అందినట్టు కార్డులు వచ్చాయి, జవాబులు రాలేదు.

రెండు నెలల తరవాత ఖాకీ మనిషి ల్యాబుకు వచ్చాడు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. కొండాపురం దిక్కున మోటార్లు బాగుచేసుకుంటున్నాడట. తమ్ముళ్ళు బాగున్నారు. గనిలో ఇంకో ఇరుసు వేశారు, పనిలో లేకపోయినా తానే పోయి దాని కొసలు చూసి, సుద్ద పూయించి మరీ ఒప్పుకున్నాకే తమ్ముళ్ళు దిగారట. సుద్ద సంగతి ఆయనకెవరు చెప్పారో నేను అడగలేదు.

చీలిక ఉన్న ఇరుసును ముక్కలుగా కోయించారా అని అడిగాను.

"యాడ కోయిస్తారు సారూ, కొత్త సరుకాయె. ఎవురో కొన్నారు. లారీకెత్తి మైదుకూరు దిక్కు పంపినారు."

నేను ఇచ్చిన మొదటి పత్రం ఏమైందని అడిగాను. మెలి యంత్రం చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఊరికే నిలబడ్డాడు.

"దాన్నీ ఇరుసుకు కట్టే పంపినారు."

మైదుకూరులో ఎవరికి అమ్మారో, అక్కడినుంచి ఎటు పోయిందో ఎంత అడిగినా తెలియలేదు. లాడ్జీ లిఫ్టుకు వేశారో, బావి తోడే క్రేనుకు వేశారో, ఇంకో గనికి వేశారో. ఎవరైనా జాగ్రత్తపరుడు దాన్ని బిగించే ముందు పత్రం విప్పి చూస్తాడు. లెక్క వచ్చినవాడైతే మూడంకెలనూ సూత్రంలో వేసి కూడా చూస్తాడు. నాలాంటి మేష్టరు దగ్గరే చదువుకుని ఉంటాడు. రెండు లక్షల నాలుగు వేలు, డెబ్భై తొమ్మిది వేల ఏడు వందలు, సున్నా పాయింట్ ఇరవై ఎనిమిది. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతాయి. అతనికి ఏ అనుమానమూ రాదు.